బ్యాలెన్స్ ఇంటూ రోజులు

పోస్టాఫీసు పొదుపు ఖాతా మీద వడ్డీ ఏడాదికి 4 శాతం. పెద్ద బ్యాంకుల్లో కొన్నిచోట్ల ఇప్పుడు రెండున్నర శాతమే. అయినా నెలనెలా జీతం పడి ఖర్చయిపోయే ఖాతాకు రెండున్నర శాతం ఇచ్చే బ్యాంకులోనే ఎక్కువ వడ్డీ రావచ్చు. రేటు చిన్నదైనా వడ్డీ పెద్దదెలా అవుతుందంటే, రెండుచోట్లా లెక్క కట్టే పద్ధతి వేరు.

2010 మార్చి ఆఖరు దాకా బ్యాంకులు కూడా పోస్టాఫీసు పద్ధతినే పాటించేవి. నెలలో 10వ తేదీ నుంచి ఆఖరు తేదీ వరకు ఖాతాలో ఉన్న అతి తక్కువ బ్యాలెన్స్ ఎంతో చూసి, ఆ మొత్తానికే నెల వడ్డీ కట్టేవారు. ఇరవై రోజులు లక్ష రూపాయలు నిలవుండి, 30వ తేదీన తొంభై అయిదు వేలు తీస్తే వడ్డీ అయిదు వేలకే. పదకొండో తేదీన వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ సున్నా. చేత్తో లెడ్జర్లు రాసే రోజుల్లో ప్రతి ఖాతాకూ రోజువారీ లెక్క కట్టడం గుమస్తాలకు అయ్యే పని కాదు, అందుకని నెలకో అంకె తీసుకుని సరిపెట్టేవారు. బ్యాంకులు కంప్యూటర్లలోకి మారాక ఆ సాకు పోయింది. 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ బ్యాలెన్స్ మీదే వడ్డీ కట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అప్పటి గవర్నరు మన ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు. మరుసటి ఏడాది అక్టోబరులో పొదుపు ఖాతా రేటును బ్యాంకులే నిర్ణయించుకునే స్వేచ్ఛ ఇచ్చిందీ ఆయన హయాంలోనే.

బ్యాంకుల్లో దీన్ని డైలీ ప్రొడక్ట్ పద్ధతి అంటారు. రోజు ముగిసేసరికి ఖాతాలో ఎంతుందో అదే ఆ రోజు బ్యాలెన్స్. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయిన డబ్బు వడ్డీ లెక్కలోకి రాదు. ఆదివారాలకూ పండగలకూ ముందురోజు బ్యాలెన్సే కొనసాగుతుంది, వాటికీ వడ్డీ ఉంటుంది. ముప్ఫై రోజులకూ ముప్ఫై అంకెలు రాసి కూడక్కర్లేదు. బ్యాలెన్స్ మారకుండా ఎన్ని రోజులుందో ఆ సంఖ్యతో హెచ్చవేస్తే చాలు, అన్నిరోజుల కూడికా ఒక్క గుణకారంలో అయిపోతుంది.

ఒక ఉద్యోగి జూన్ నెల ఖాతా చూద్దాం. 1వ తేదీన జీతం పడ్డాక 44,000 ఉంది. 5న అద్దె, వాయిదా కలిపి 18,000 పోయి 26,000 మిగిలింది. 12న 6,000 తీస్తే 20,000. 20న ఎప్పుడో ఇచ్చిన చేబదులు 30,000 తిరిగొచ్చి 50,000 అయింది. 23న పిల్లల ఫీజు 44,000 కట్టగా నెలాఖరు దాకా 6,000.

రోజులు లెక్కపెట్టడంలోనే చాలామంది పొరబడతారు. 5 నుంచి 12 దాకా ఎనిమిది రోజులని వేళ్లు మడుస్తారు. 12వ తేదీ రాత్రికి బ్యాలెన్స్ మారిపోయింది కాబట్టి ఆ రోజు కొత్త అంకెకే చెందుతుంది. తర్వాతి మార్పు తేదీలోంచి ఈ మార్పు తేదీ తీసేస్తే సరైన సంఖ్య వస్తుంది: పన్నెండులోంచి అయిదు పోతే ఏడు. నెలాఖరు వరుసకు మాత్రం 30కి బదులు 31 వేసుకోవాలి, ఎందుకంటే 30వ తేదీ కూడా అందులోదే. అలా చూస్తే 44,000 నాలుగు రోజులు, 26,000 ఏడు, 20,000 ఎనిమిది, 50,000 మూడు, 6,000 ఎనిమిది రోజులు నిలిచాయి. మొత్తం ముప్ఫై. ఈ కూడిక ముప్ఫై రాకపోతే ఇక ముందుకు వెళ్లకుండా అక్కడే ఆగి సరిచూసుకోవాలి.

ఇప్పుడు హెచ్చవేస్తే వరసగా 1,76,000, 1,82,000, 1,60,000, 1,50,000, 48,000 వస్తాయి. అన్నీ కలిపితే 7,16,000. ఒక్క రూపాయి ఏడు లక్షల పదహారు వేల రోజులు ఖాతాలో ఉన్నట్టు అనుకోండి. దానికి వడ్డీ ఇలా కడతారు:

7,16,000 × 2.5 ÷ (100 × 365) = 49.04

అంటే నలభై తొమ్మిది రూపాయలు. అదే ఖాతా, అవే తేదీలు, అదే రెండున్నర శాతం పాత పద్ధతిలో అయితే? 10 నుంచి 30 వరకు అతి తక్కువ బ్యాలెన్స్ 6,000, దానికి నెల వడ్డీ పన్నెండున్నర రూపాయలు. పోస్టాఫీసులో ఇప్పటి 4 శాతం చొప్పున ఇరవై. ఫీజు కట్టిన ఒక్క రోజు పాత పద్ధతిలో మిగతా అన్ని రోజుల బ్యాలెన్సునూ మింగేసింది.

అలాగని పోస్టాఫీసును తీసిపారేయక్కర్లేదు. వేసిన డబ్బు కదలకుండా ఉండేవాళ్లకు అతి తక్కువ బ్యాలెన్సూ రోజువారీ బ్యాలెన్సూ ఒకటే, అప్పుడు నాలుగు శాతమే గెలుస్తుంది. అక్కడ డబ్బు వేసేవాళ్లు 10వ తేదీ దాటకుండా వేయాలి, తీసేవాళ్లు వీలైతే నెల మారాక తీయాలి. బ్యాంకు ఖాతాలో ఆ తిప్పలు లేవు, ఏ తేదీన వేస్తే ఆ తేదీ నుంచే వడ్డీ. ఎంత వస్తుందంటారా? ఊళ్లో వడ్డీవ్యాపారి భాషలో చెప్పుకుంటే రెండున్నర శాతమంటే నూటికి నెలకు ఇరవై ఒక్క పైసలు. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్నవాడు ఖాతాలో డబ్బు నిలవపెట్టుకోవడం ఎంత దండగో వేరే చెప్పాలా?

వడ్డీ రోజూ లెక్కకొచ్చినా రోజూ జమ కాదు. మూడు నెలలకోసారి గానీ అంతకంటే ముందుగానీ వేస్తారు. అలా పడ్డాకే అది కూడా బ్యాలెన్సులో కలిసి, ఆ తర్వాతి రోజుల వడ్డీకి లెక్కలోకొస్తుంది. పైసలుంటే దగ్గరి రూపాయికి సర్దుతారు.

పాస్‌బుక్‌లో పడిన వడ్డీని సరిచూడాలనుకుంటే పోయినసారి వడ్డీ ఏ తేదీ వరకు కట్టారో తెలుసుకుని, ఆ మర్నాటి నుంచి మొదలుపెట్టండి. కొన్ని బ్యాంకులు మూడు నెలలు నిండకముందే, కొద్దిరోజుల ముందుగా వేస్తాయి. స్టేట్‌మెంటులో రెండు తేదీల వరుసలుంటే వాల్యూ డేట్ అన్నదే తీసుకోవాలి, వడ్డీకి పనికొచ్చేది అదే. సోమవారం చెక్కు ఇచ్చినా అది క్లియరై సొమ్ము బుధవారం జమయితే సోమ, మంగళవారాలు లెక్కలోకి రావు. మధ్యలో బ్యాంకు రేటు మార్చితే ఆ తేదీ దగ్గర వరుసను రెండుగా విడగొట్టి, ముందు రోజులకు పాత రేటు, తర్వాతి రోజులకు కొత్తది వేయాలి. లక్ష దాటిన సొమ్ముకు వేరే రేటు ఇచ్చే బ్యాంకుల్లో బ్యాలెన్సునే ఆ గీత దగ్గర విడగొట్టాల్సి రావచ్చు. ఇవన్నీ చూశాక కూడా రూపాయో రెండో కాక పదుల్లో తేడా కనిపిస్తే, మీరు వేసిన వరుసల కాగితం పట్టుకుని శాఖకు వెళ్లండి. బ్యాలెన్స్, రోజులు, లబ్ధం వరుసగా రాసి ఉంటే ఏ వరుస దగ్గర తేడా వచ్చిందో కౌంటరు దగ్గరే తేలిపోతుంది.