‘షెర్లాక్’ ఎపిసోడ్లు పన్నెండా, పదమూడా?

బీబీసీ తీసిన ‘షెర్లాక్’ మొత్తం ఎన్ని ఎపిసోడ్లని అడిగితే ఒకరు 12 అంటారు, ఇంకొకరు 13 అంటారు. ఇద్దరూ మొదటి నుంచి చివరి దాకా చూసినవాళ్లే కావచ్చు. సీజన్లు ఎన్నని అడిగితే మన దగ్గర నాలుగంటాం. లండన్‌లో మాత్రం ‘నాలుగు సిరీస్‌లు’ అంటారు. ఈ తేడాలన్నీ ఎక్కడివో తెలియాలంటే ఆ ఒక్క కార్యక్రమాన్ని విప్పి చూస్తే చాలు.

2010లో మూడు ఎపిసోడ్లు వచ్చాయి. ఒక్కోటి దాదాపు గంటన్నర, అంటే ఓ చిన్న సినిమా అంత. తర్వాత 2012లో మూడు, 2014లో మూడు, 2017లో మూడు. ఇలా ఒక విడతగా తీసి, వారానికొకటి చొప్పున వేసిన ఆ మూడింటి గుత్తిని బ్రిటన్‌లో సిరీస్ అంటారు. అమెరికాలో దానికే సీజన్ అని పేరు. అమెరికా వాళ్ల లెక్కలో సిరీస్ అంటే మొదటి ఎపిసోడ్ నుంచి ఆఖరి దాకా మొత్తం కార్యక్రమం. ఓటీటీలతో మనకు అలవాటైంది ఈ అమెరికా మాటే. ‘ఆ వెబ్ సిరీస్ రెండో సీజన్ వచ్చింది’ అంటున్నామంటే అమెరికా లెక్కలో మాట్లాడుతున్నట్టే.

చిక్కు వచ్చేది ‘సిరీస్ ఫినాలే’ అన్న మాట కనబడ్డప్పుడు. అమెరికా పత్రికలో ఆ మాట ఉంటే ఆ కార్యక్రమం పూర్తిగా ముగిసిందని అర్థం. ‘ఫ్రెండ్స్’కు పదో సీజన్ తర్వాత 2004 మే 6న వచ్చింది అలాంటిదే. బ్రిటిష్ పత్రికలో అదే మాట ఉంటే ఆ విడతకు చివరి ఎపిసోడ్ అని మాత్రమే. 2014లో షెర్లాక్ మూడో సిరీస్ ఫినాలే అయిపోయింది, కథ మాత్రం 2017 దాకా నడిచింది. వార్త ఏ దేశానిదో చూసుకోకుండా బాధపడితే ఆ బాధ దండగ.

సీజన్ అన్న మాట అమెరికా ఛానళ్ల ఏడాది లెక్కలోంచి వచ్చింది. సెప్టెంబరులో కొత్త కార్యక్రమాలు మొదలుపెట్టి మే దాకా వేసేవారు. వారానికొకటి చొప్పున, మధ్యలో సెలవులు పోను, ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు పట్టేవి. ఇప్పుడు పది ఎపిసోడ్లను ఒకే రాత్రి విడుదల చేస్తున్నా మాట అలాగే మిగిలింది. నిజానికి సీజన్ అంటే ఒక ఆర్డరు. ఇన్ని ఎపిసోడ్లు తీసివ్వండి అని ఛానల్ అడుగుతుంది, నిర్మాత తీసిస్తాడు. నచ్చితే మళ్లీ అడుగుతారు. కథ ఎక్కడ తెగిందన్నదానికంటే ఆర్డరు ఎక్కడ తెగిందన్నదే సీజన్‌కు సరిహద్దు అవుతుంది. ‘బ్రేకింగ్ బ్యాడ్’ ఐదో సీజన్‌లో ఎనిమిది ఎపిసోడ్లు 2012లో, మిగతా ఎనిమిది 2013లో వచ్చాయి. మధ్యలో దాదాపు ఏడాది ఖాళీ ఉన్నా రెండూ ఒకే సీజన్ కిందే లెక్క.

మన దూరదర్శన్‌లోనూ ఆర్డర్లు ఉండేవి, సీజన్లే లేవు. రామానంద్ సాగర్ ‘రామాయణ్’ను మొదట 52 ఎపిసోడ్లకు అనుకున్నారు. జనం వదలకపోవడంతో పొడిగిస్తూ పోయి 78 దగ్గర ఆపారు. రెండు అంకెలూ పదమూడో ఎక్కంలోవే. పదమూడు వారాలంటే ఏడాదిలో పావు భాగం, వారానికో ఎపిసోడ్ వేసేవాళ్లకు అది అనువైన కొలత. ఇక రోజూ సాయంత్రం వచ్చే మన సీరియల్‌కు ఆ కొలత కూడా లేదు. రేటింగు ఉన్నంత కాలం సాగుతుంది, ఎపిసోడ్ల సంఖ్య వెయ్యి దాటినా సీజన్ అన్న మాట రాదు. సీజన్ అన్న మాట మనకు అచ్చంగా అతికింది ‘బిగ్ బాస్’కే. 2017లో తెలుగులో మొదలైన ఆ ఆటలో ప్రతిసారీ మనుషులు మారతారు, మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క మొదలవుతుంది.

ఎపిసోడ్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదనిపిస్తుంది. ఒక్కసారి కూర్చుని చూసే ముక్క, అంతే. అయితే ఆ ముక్క ఎంతన్నది రాసినవాడికంటే వేసేవాడి చేతిలో ఎక్కువ ఉంటుంది. ‘మనీ హైస్ట్’ మొదట 2017లో స్పెయిన్ ఛానల్ ఆంటెనా 3లో 15 ఎపిసోడ్లుగా వచ్చింది. హక్కులు కొన్న నెట్‌ఫ్లిక్స్ ఆ కథనే తిరిగి కత్తిరించి 22 చిన్న ఎపిసోడ్లు చేసింది. అందుకే స్పెయిన్‌లో టీవీలో చూసినవాళ్లకూ మనకూ ఎపిసోడ్ నంబర్లు కలవవు.

ఇప్పుడు ఆ పదమూడోది. మూడో సిరీస్‌కీ నాలుగో సిరీస్‌కీ మధ్య, 2016 జనవరి 1న, ‘ది అబామినబుల్ బ్రైడ్’ అని ఒక్క ఎపిసోడ్ వచ్చింది. అది ఏ మూడింటి గుత్తిలోనూ లేదు. దాన్నే స్పెషల్ అంటారు. విడతకు బయట, ఒక సందర్భానికని విడిగా వేసేది స్పెషల్. బ్రిటన్‌లో ఆ సందర్భం ఎక్కువగా క్రిస్మస్సో కొత్త సంవత్సరమో అవుతుంది, మన ఛానళ్లు సంక్రాంతికి, దసరాకి ప్రత్యేక కార్యక్రమాలు వేసినట్టే. పండగ కార్యక్రమం అనగానే చూడకపోయినా ఫరవాలేదనుకుంటాం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బ్రిటిష్ ‘ది ఆఫీస్’కు ఆరేసి ఎపిసోడ్లతో రెండు సిరీస్‌లు వచ్చాయి, కథకు ముగింపు మాత్రం 2003 క్రిస్మస్‌కు వేసిన రెండు భాగాల స్పెషల్‌లో ఉంది. అది చూడనివాళ్లు ఆ కథను సగంలో వదిలేసినట్టే.

షెర్లాక్ స్పెషల్ సంగతీ అంతే. పైకి చూస్తే విక్టోరియా రాణి కాలంలో, గుర్రబ్బళ్ల మధ్య జరిగే విడి కథలా ఉంటుంది. మూడో సిరీస్ చివర షెర్లాక్ ఎక్కిన విమానం గుర్తుందా? ఈ పాత కాలపు కథంతా ఆ విమానంలో అతని బుర్రలో నడుస్తున్నదేనని మధ్యలో బయటపడుతుంది. దీన్ని వదిలేసి నాలుగో సిరీస్‌కు వెళ్తే ఒక మెట్టు దాటేసినట్టే. నా దృష్టిలో దాన్ని లెక్కలో చేర్చి 13 అనడమే న్యాయం.

అలాగని సిరీస్ బయట ఉన్నదంతా స్పెషల్ కాదు. మూడో సిరీస్‌కు ముందు, 2013 డిసెంబరు 24న, ఏడు నిమిషాల చిన్న ముక్క ఒకటి విడుదలైంది. అది మినీ ఎపిసోడ్, దాన్ని లెక్కలో చేర్చరు. మొదటి కథనే ముందుగా గంట నిడివితో నమూనాగా తీశారు, దాన్ని పైలట్ అంటారు. అది టీవీలో రాలేదు, కథను గంటన్నరకు మళ్లీ తీశారు. పాత పైలట్ తర్వాత డీవీడీలో దొరికింది.

వీడియోలు దాచుకునే సాఫ్ట్‌వేర్లలో, టీవీ సమాచార జాబితాల్లో S03E02 అని ఉంటే మూడో సీజన్ రెండో ఎపిసోడ్. స్పెషల్‌కు సీజన్ లేదు గనక దాన్ని సున్నా సీజన్‌లో వేసి S00E01 లాంటి నంబరు ఇవ్వడం చాలాచోట్ల ఆనవాయితీ. దాంతో అది వరసలో అన్నిటికంటే ముందో, ఎక్కడో విడి విభాగంలోనో కూర్చుంటుంది. ఒక సీజన్ అవగానే తర్వాతిది తనంతట తానే మొదలైపోతే మధ్యలో వచ్చిన స్పెషల్ తప్పిపోవచ్చు. కాబట్టి ఏ బ్రిటిష్ కార్యక్రమమైనా చూసేటప్పుడు నంబరును నమ్మకండి, విడుదల తేదీ చూడండి. షెర్లాక్‌లోనైతే 2014 నాటి మూడూ అయ్యాక ‘బ్రైడ్’ వెతుక్కుని చూసి, ఆ తర్వాతే 2017 వాటికి వెళ్లండి.