రొయ్య మీద 5.77 శాతం ఎలా పడింది

2024 డిసెంబరులో అమెరికా మన రొయ్యల మీద 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకం ఖాయం చేసింది. ఎగుమతిదారులు దీన్ని పొట్టిగా సీవీడీ అంటారు. అంతకు 11 ఏళ్ల ముందు, 2013లో, అదే అమెరికా వాణిజ్య శాఖ అదే సరుకును విచారించి, భారత ఎగుమతిదారులకు ప్రభుత్వ రాయితీ 10 శాతానికి పైగా అందుతోందని తేల్చింది. అయినా ఆ ఏడాది ఒక్క డాలరు సుంకం కూడా పడలేదు. రాయితీ ఎక్కువన్నప్పుడు పడని సుంకం, తక్కువన్నప్పుడు పడింది. ఎందుకలా జరిగిందో చూస్తే, ఈ సుంకాన్ని ప్రపంచ వాణిజ్య చట్టం దేని ఆధారంగా ఒప్పుకుంటుందో తెలుస్తుంది.

ముందుగా ఒక తేడా గమనించాలి. సొంత మార్కెట్లో అమ్మే ధర కంటే తక్కువకు విదేశంలో అమ్మితే అది డంపింగ్. ఆ పని చేసేది కంపెనీ. దానికి విరుగుడు యాంటీ డంపింగ్ సుంకం. మన రొయ్యల మీద అది 2005 నుంచీ ఉంది. సీవీడీ అలా కాదు. దాని గురి కంపెనీ ధర మీద కాదు, ఆ కంపెనీకి ప్రభుత్వం చేసిన సాయం మీద. 2024 నుంచి మన రొయ్యల మీద ఈ రెండూ ఉన్నాయి.

రాయితీ ఇవ్వడమే నేరమని చట్టం ఎక్కడా అనలేదు. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు అమల్లోకి వచ్చిన రాయితీల ఒప్పందం ప్రకారం, ఎగుమతి చేస్తేనే ఇస్తామనే రాయితీ, దిగుమతి సరుకు మాని స్వదేశీ సరుకు వాడితేనే ఇస్తామనే రాయితీ, ఈ రెండే పూర్తిగా నిషిద్ధం. మిగతావి ఇచ్చుకోవచ్చు. కానీ ఆ సాయం కొన్ని సంస్థలకో ఒక పరిశ్రమకో పరిమితమై, దానితో వచ్చిన సరుకు అవతలి దేశంలోని పరిశ్రమను దెబ్బతీస్తే, ఆ దేశం సీవీడీ వేయవచ్చు. అంటే మూడు విషయాలు రుజువు కావాలి: రాయితీ ఉంది, అక్కడి పరిశ్రమకు నష్టం జరిగింది, ఆ నష్టం ఈ రాయితీ సరుకు వల్లే వచ్చింది.

అమెరికాలో ఈ పనిని రెండు సంస్థలు పంచుకుంటాయి. రాయితీ లెక్క వాణిజ్య శాఖది. నష్టం తేల్చేది అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ అనే వేరే సంస్థ. దిగుమతుల పరిమాణం, ధరల మీద వాటి ప్రభావం, స్థానిక ఉత్పత్తిదారుల లాభాలు, ఉద్యోగాలు అది పరిశీలిస్తుంది. 2013 సెప్టెంబరులో ఆ కమిషన్ నష్టం లేదని తీర్పిచ్చింది. దాంతో వాణిజ్య శాఖ లెక్క కాగితం మీదే ఆగిపోయింది. 2023 అక్టోబరులో అమెరికా రొయ్య ప్రాసెసర్ల సంఘం మళ్లీ ఫిర్యాదు చేసింది. ఈసారి 2024 నవంబరులో కమిషన్ నష్టం ఉందంది. సుంకం తలుపు తెరిచింది ఆ ఒక్క మాటే.

ఇక 5.77 అనే అంకె ఎలా వస్తుంది? వందల కంపెనీలను విచారించడం కుదరదు కాబట్టి అమెరికా పెద్ద ఎగుమతిదారులను ఒకరిద్దరిని ఎంచుకుంటుంది. ఈ కేసులో ఎంచుకున్నవి రెండు. వాటి లెక్కల సగటే మిగతా అందరికీ. ఊహకు ఒక కంపెనీని తీసుకుందాం. ఏడాదికి 100 కోట్ల ఎగుమతి ఉంది. ఎగుమతి పథకం కింద ప్రభుత్వం 3 కోట్లు ఇచ్చింది. మార్కెట్లో 9 శాతానికి దొరికే అప్పు ప్రభుత్వ పథకం వల్ల 7 శాతానికి దొరికింది. అప్పు 50 కోట్లయితే మిగిలిన వడ్డీ కోటి రూపాయలు. మొత్తం లాభం 4 కోట్లు, రేటు 4 శాతం. తేలిన రాయితీ కంటే పైసా ఎక్కువ సుంకం వేయకూడదన్నది ఒప్పందంలోని కచ్చితమైన షరతు. సీవీడీకి ఉన్న సమర్థనంతా ఇక్కడే ఉంది. అది శిక్ష కాదు, ప్రభుత్వం ఇచ్చిన మేరకు తూకం సరిచేయడం. అయితే అడిగిన సమాచారం ఇవ్వని వారికి ఈ రక్షణ పలచబడుతుంది. అందుబాటులో ఉన్న సమాచారంలో వారికి ప్రతికూలమైనది తీసుకుని రేటు కడతారు. 2013లో మలేసియాలో 54.50 శాతం దాకా లెక్కగట్టింది ఇలాగే.

ఒకే సరుకు మీద రెండు సుంకాలున్నప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. కిలో రొయ్యల న్యాయమైన ధర 500 రూపాయలు, అమెరికాకు అమ్మింది 480కి అనుకుందాం. డంపింగ్ తేడా 20. కానీ ప్రభుత్వం కిలోకు 15 రూపాయల ఎగుమతి రాయితీ ఇచ్చింది కాబట్టే కంపెనీ అంత తగ్గించగలిగింది. ఆ 15కి సీవీడీ వేశాక, యాంటీ డంపింగ్ కింద మిగిలిన 5 మాత్రమే వేయాలి. గాట్ ఒప్పందం ఆరో అధికరణ ఈ రెండు దెబ్బలను నిషేధించింది. ఆ 500 ఎక్కడి ధర అన్నది మరో ప్రశ్న. మనం రొయ్యలు పండించినంతగా తినం. ఇంట్లో అమ్మకాలు అమెరికా అమ్మకాల్లో 5 శాతానికి చేరకపోతే, మూడో దేశానికి అమ్మిన ధరనో, ఖర్చుకు లాభం కలిపి కట్టిన ధరనో ప్రమాణంగా తీసుకుంటారు.

మనవాళ్లకు అన్యాయంగా తోచేది, నాకూ అన్యాయంగానే కనిపించేది, పన్నుల వాపసు విషయం. సరుకు తయారీలో కట్టిన పన్నులను ఎగుమతి వేళ తిరిగి ఇచ్చినందుకు సీవీడీ వేయకూడదని అదే ఆరో అధికరణ చెబుతోంది. మన రోడ్‌టెప్ పథకం 2021 జనవరి నుంచి ఆ పేరుతోనే నడుస్తోంది. అంతకుముందున్న ఎంఈఐఎస్ పథకం నిషిద్ధ ఎగుమతి రాయితీ అని 2019లో ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ తేల్చింది. రోడ్‌టెప్‌తో చిక్కేమిటంటే, అది ప్రతి కంపెనీ అసలు కట్టిన పన్ను చూసి ఇచ్చేది కాదు, సరుకు విలువ మీద స్థిరమైన రేటు ప్రకారం ఇచ్చేది. ఏ ముడిసరుకు ఎంత వాడారు, దాని మీద ఎంత పన్ను పడింది అని సరిచూసే పద్ధతి ఉందా అని అమెరికా అడుగుతుంది. అది ఒప్పుకునే జవాబు దొరక్కపోతే, అదనంగా ఇచ్చిన భాగాన్నే కాదు, ఇచ్చిన మొత్తాన్నీ రాయితీగా లెక్కిస్తుంది. పాకిస్తాన్ పెట్ ప్లాస్టిక్ మీద యూరప్ ఇలాగే మొత్తం లెక్కిస్తే, కట్టిన పన్నును మించి ఇచ్చిన భాగమే రాయితీ అని ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు సంస్థ 2018లో చెప్పింది. ఆ అప్పీలు సంస్థలో కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అది పనిచేయడం లేదు. తీర్పు మనవైపు వాదనకు బలమే గాని, దాన్ని పట్టుకుని చివరిదాకా పోరాడే చోటు మూతపడింది.

2025 ఆగస్టులో ట్రంప్ ప్రభుత్వం భారత సరుకుల మీద వేసిన 50 శాతం సుంకాన్నీ దీన్నీ చాలామంది కలిపేసి మాట్లాడారు. ఆ సుంకానికి రాయితీ రుజువు, నష్టం రుజువు ఏవీ చూపలేదు. సీవీడీకి మాత్రం లెక్క ఉంది కాబట్టి సవాలు చేసే దారీ ఉంది. అమెరికాలో 5.77 అనేది ముందుగా కట్టే డిపాజిట్ మాత్రమే. ఎవరైనా సమీక్ష కోరితే, ఆ కాలంలో నిజంగా అందిన రాయితీని మళ్లీ లెక్కగడతారు. తక్కువని తేలితే అమెరికా దిగుమతిదారుకు డబ్బు వాపసు వస్తుంది, ఎక్కువైతే వడ్డీతో సహా కట్టాలి. అసలు రేటు తేలేదాకా ఆ దిగుమతిదారు భయంతో ధర తగ్గించి అడుగుతాడు, ఆ కోత ప్రాసెసింగ్ ప్లాంటు మీదుగా చెరువు గట్టున కౌంట్ రేటు దాకా దిగుతుంది. రోడ్‌టెప్‌లో తిరిగి ఇచ్చిన ప్రతి రూపాయి వెనక మేత, డీజిల్, కరెంటు మీద నిజంగా కట్టిన పన్ను ఎంతో కంపెనీవారీ రికార్డుతో కేంద్రం చూపగలిగితే, ఆ సమీక్షల్లో రేటు తగ్గించమని అడగడానికి గట్టి ఆధారం దొరుకుతుంది.