ఒక్కరే చేసే పనికి ఎంత సాఫ్ట్‌వేర్ కావాలి?

అపోహ: పద్ధతిగా పనిచేయాలంటే పెద్ద ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ టూల్ ఉండాలి

ఈ రంగంలో పేరున్న టూల్స్ ఎక్కడ పుట్టాయో చూస్తే అవి ఎవరికి ఉపయోగపడతాయో తెలిసిపోతుంది. 2002లో వచ్చిన జీరా మొదట్లో సాఫ్ట్‌వేర్ టీములు తప్పులను నమోదు చేసుకుని, ఏది ఎవరి చేతిలో ఉందో చూసుకోవడానికి తయారైంది. ఫేస్‌బుక్‌లో ఉద్యోగుల మధ్య పనుల సమన్వయం కోసం లోపలి టూల్ రాసిన అనుభవంతో, డస్టిన్ మోస్కోవిట్జ్, జస్టిన్ రోసెన్‌స్టైన్ బయటికొచ్చి 2008లో అసానా పెట్టారు. వాటిలో ఉండే సౌకర్యాల్లో ఎక్కువ భాగం ఒకరికి తెలిసిన సంగతిని ఇంకొకరికి చేరవేయడానికే. ఈ పని ఎవరిది, ఎవరు ఆమోదించాలి, ఎవరి పని ఆగితే ఎవరిది ఆగుతుంది, ఈ వారం టీము ఎంత లాగింది? ఒక్కరే పనిచేసే చోట చేరవేయాల్సిన రెండో మనిషి లేరు. అప్పుడు అదంతా మీకు తెలిసిందే మీకు మళ్లీ చెప్పుకోవడం అవుతుంది. ఇలాంటి టూల్స్‌ను ఒంటరి ఫ్రీలాన్సర్లు మొదటి వారం ముచ్చటగా నింపి, తర్వాత తెరవడం మానేస్తారు. దానికి కారణం బద్ధకం కాదు, ఆ నింపడం వల్ల వాళ్లకు తిరిగొచ్చేది ఏమీ లేకపోవడం.

ఒంటరిగా పనిచేసేవారికి కరువయ్యేది జ్ఞాపకం. అదీ రెండు విషయాల్లో. ఇప్పుడు బంతి ఎవరి కోర్టులో ఉంది అన్నది ఒకటి, గంటలు నిజంగా ఎటు పోయాయి అన్నది రెండోది. టూల్ ఎంపికను ఈ రెంటితోనే కొలవాలని నా వాదన. మొదటిదానికి నాలుగు గడులున్న బోర్డు చాలు. టయోటా ఫ్యాక్టరీల కాన్‌బాన్ కార్డుల పద్ధతి నుంచి వచ్చిన ఈ అమరికను 2011లో వచ్చిన ట్రెల్లో అందరికీ అలవాటు చేసింది. చాలామంది ‘చేయాలి, చేస్తున్నా, అయింది’ అని మూడు గడులు పెట్టుకుంటారు. ఫ్రీలాన్సర్‌కు అసలు కావాల్సింది నాలుగోది: ‘క్లయింట్ దగ్గర ఆగింది’. లోగో పంపలేదు, డిజైన్‌కు ఓకే చెప్పలేదు, బిల్లు కట్టలేదు లాంటివన్నీ అడిగిన తేదీతో సహా ఆ గడిలోకి వెళ్లాలి. వారానికోసారి ఆ గడి చూసి, పాత తేదీలున్న వాటికి గుర్తుచేస్తూ మెసేజ్ పెడితే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ దాదాపు పూర్తయినట్టే. దీనికి ట్రెల్లో ఉచిత ఖాతా సరిపోతుంది. గోడమీద అంటించిన చీటీలైనా సరిపోతాయి. ఊరూరూ తిరుగుతూ పనిచేసేవాళ్లకు మాత్రం గోడ కుదరదు.

అపోహ: గంటల లెక్కన డబ్బు తీసుకునేవారికే టైమ్ ట్రాకింగ్

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. గంటల లెక్కన పనిచేసేవారికి గంటలు తప్పిపోతే ఒక బిల్లులో కొంత పోతుంది. మొత్తం పనికి ఇంత అని మాట్లాడుకున్నవారికి మాత్రం ప్రతి కొటేషన్‌లోనూ అదే తప్పు తిరిగి వస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం. విజయవాడలో ఒక వెబ్ డిజైనర్ ఒక చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ చేయడానికి 24,000 రూపాయలకు ఒప్పుకున్నారనుకుందాం. డిజైన్‌కు 14 గంటలు, కట్టడానికి 12, కాల్స్‌కు 4, మొత్తం 30 గంటలని అంచనా. అంటే గంటకు 800. పని ముగిశాక లాగ్ చూస్తే డిజైన్ 13, కట్టడం 13, కాల్స్, మెసేజ్‌లు 7, మార్పులు చేర్పులు 12, హోస్టింగ్ సమస్యలు 3, మొత్తం 48 గంటలు. గంటకు మిగిలింది 500.

ఇక్కడ గమనించాల్సింది, ఆ డిజైనర్‌కు తన పని తనకు బాగానే తెలుసు. డిజైన్, కట్టడం కలిపి 26 అనుకుంటే సరిగ్గా 26 గంటలే పట్టాయి. అసలు తేడా అంచనాలో చోటే లేని మార్పులు, హోస్టింగ్ అనే రెండు వరుసల్లో ఉంది. లాగ్ లేకపోతే ఆయనకు మిగిలేది ‘ఈ పనికి తక్కువ తీసుకున్నాను’ అన్న అసంతృప్తి ఒక్కటే. దానికి మందుగా తర్వాతి క్లయింట్‌కు రేటు మొత్తంగా పెంచేస్తారు, లేదా పెంచడానికి మొహమాటపడి ఊరుకుంటారు. లాగ్ ఉంటే ఇంకో దారి కనిపిస్తుంది. రెండు విడతల మార్పులు ధరలోనే, వాటికి 5 గంటలు. ఆపైన గంటకు 800. హోస్టింగ్ వేరే పద్దు. అప్పుడు 26, 7, 5 కలిపి 38 గంటలు, కొటేషన్ 30,400. ‘ఎందుకింత?’ అని క్లయింట్ అడిగితే చూపించడానికి కారణం కూడా ఉంటుంది.

అనుభవం వచ్చేకొద్దీ అంచనాలు వాటంతట అవే కుదురుకుంటాయి కదా అని ఒక అభ్యంతరం వస్తుంది. పరిశోధనలు దాన్ని బలపరచవు. రోజర్ బ్యూలర్, సహచరులు 1994లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో ముగుస్తుందని అంచనా వేశారు. పట్టింది దాదాపు 55 రోజులు. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా తేలింది. గతంలో ఇలాంటి పనులకు ఎంత పట్టిందో గుర్తుచేసుకుని, దాన్ని ఇప్పటి అంచనాతో ముడిపెట్టమని చెప్పినప్పుడు ఆ అతి ఆశాభావం తగ్గిపోయింది. అంటే గతం మన తలలో ఉండటం చాలదు, ధర రాస్తున్న క్షణాన కళ్లముందు ఉండాలి. రంగురంగుల వారపు రిపోర్టులు ఈమెయిల్‌లో పంపే టూల్ కంటే, ‘కిందటి మూడు వెబ్‌సైట్లలో మార్పులకు ఎన్ని గంటలు?’ అన్న ప్రశ్నకు నిమిషంలో జవాబిచ్చే టూలే మేలని నేననేది అందుకే.

అపోహ: తనంతట తానే రికార్డు చేసే టూల్ అబద్ధం చెప్పదు

అబద్ధం చెప్పదు, నిజమే. కానీ దానికి కనిపించేది తెర మాత్రమే. ఏ విండో ఎంతసేపు తెరిచి ఉందో చెప్పగలదు. ఒకే బ్రౌజర్‌లో ఇద్దరు క్లయింట్ల పని నడుస్తుంటే ఏ నిమిషం ఎవరిదో సాయంత్రం మళ్లీ మనమే విడదీయాలి. ఫోన్‌లో నలభై నిమిషాలు మాట్లాడిన వాట్సాప్ కాల్ దాని లెక్కలోకి రాదు. మన ఉదాహరణలో అంచనా తప్పిన పద్దుల్లో అదీ ఒకటి. పైగా ఫైళ్ల పేర్లు, క్లయింట్ల పేర్లు వేరే కంపెనీ సర్వర్‌కు వెళ్లవచ్చు కాబట్టి, గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. ఇందులో మినహాయింపు ఒకటుంది. అప్‌వర్క్‌లో గంటల కాంట్రాక్ట్ చేసేవాళ్లకు ఆ సైటు సొంత డెస్క్‌టాప్ యాప్ తప్పనిసరి అనుకోవాలి. అది పది నిమిషాలకో స్క్రీన్‌షాట్ చొప్పున తీస్తుంది. చేత్తో చేర్చిన గంటలకు అప్‌వర్క్ చెల్లింపు రక్షణ వర్తించదు. అక్కడి వారం కూడా యూటీసీ ప్రకారం ముగుస్తుంది, మనకు సోమవారం ఉదయం 5:30కి.

మిగతావారికి టాగుల్, క్లాకిఫై లాంటి బటన్ నొక్కే టైమర్లు గానీ, చేత్తో రాసుకునే షీట్ గానీ చాలు. రాయడానికే టైమ్ పోతుందన్న ఫిర్యాదు సాధారణంగా అతిగా విడగొట్టేవారి నుంచి వస్తుంది. ప్రతి చిన్న పని మారినప్పుడల్లా కాక, క్లయింట్ మారినప్పుడో పని రకం మారినప్పుడో రాస్తే రోజుకు ఐదారు వరుసలకు మించవు. పని రకాలు కూడా ఐదుకు మించకూడదు. పదిహేను పెట్టుకుంటే ఒకే పని ఒకరోజు ఒక పేరుతో, మర్నాడు ఇంకో పేరుతో చేరి, చివరికి కూడితే అర్థం లేని అంకెలు వస్తాయి. లాగ్ నమ్మదగినదా కాదా తేల్చడం తేలికే. 35 నిమిషాలు, గంటా పది లాంటి అంకెలుంటే అది అప్పటికప్పుడు రాసింది. అన్నీ 2, 3, 4 గంటలైతే శనివారం కూర్చుని ఊహించి నింపింది. రాత్రి టైమర్ ఆపడం మర్చిపోతే వచ్చే 11 గంటల వరుస కూడా కంటికి ఇట్టే తగులుతుంది. దాన్ని అప్పుడే సరిచేయాలి.

అపోహ: షీట్ అనేది యాప్ కొనలేనివారి సర్దుబాటు

గూగుల్ షీట్స్‌లో తేదీ, మొదలు, ముగింపు, క్లయింట్, పని రకం, గంటలు అని ఆరు కాలమ్‌లు పెట్టుకుంటే ఇప్పటిదాకా చెప్పిన ప్రశ్నలన్నిటికీ జవాబు దొరుకుతుంది. కానీ షీట్‌లో రెండు గుంటలున్నాయి, తెలియక చాలామంది పడతారు. షీట్ సమయాన్ని రోజులో భాగంగా దాచుకుంటుంది. గంటన్నర అంటే దానికి 0.0625. దాన్ని 500తో గుణిస్తే 750 రావాల్సిన చోట 31.25 వస్తుంది. రెండోది, అమెరికా క్లయింట్ల కోసం రాత్రి పనిచేసేవారికి తగిలేది. 23:15కి మొదలై 1:00కి ముగిస్తే తీసివేత రుణసంఖ్య ఇస్తుంది. కింది మొదటి ఫార్ములా రెండింటినీ సరిచేస్తుంది. అది గంటల కాలమ్‌లోకి వెళ్తుంది. ఆ కాలమ్‌ను Number ఫార్మాట్‌లో పెట్టాలి. రెండోది ఒక క్లయింట్‌కు చేసిన మార్పుల గంటలను కూడుతుంది.

```
=MOD(C2-B2,1)*24
=SUMIFS(F:F,D:D,"హోటల్",E:E,"మార్పులు")
```

పై ఉదాహరణకు మొదటి ఫార్ములా 1.75 ఇస్తుంది. షీట్ చేయలేనిది టైమర్‌లా మోగడం, ఫోన్‌లో ఒక్క తాకుడుతో మొదలవడం. అవి లేకపోతే రాయడం మర్చిపోయేవారికి యాప్ మంచిదే. కానీ ఏ యాప్ అయినా ఒక పరీక్ష పెట్టాకే తీసుకోవాలి. ఓ నాలుగు ఉత్తుత్తి ఎంట్రీలు వేసి, ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన సీఎస్‌వీ ఫైల్‌ను షీట్‌లో తెరవాలి. క్లయింట్, మొదలు, ముగింపు, నోట్ విడివిడి కాలమ్‌లలో రాకపోయినా, ఎక్స్‌పోర్ట్‌కు డబ్బు కట్టమన్నా అక్కడితో ఆపేయాలి. కోట్లమంది వాడారనో పెద్ద కంపెనీ వెనకుందనో నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. మంచి పేరున్న వండర్‌లిస్ట్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో కొని, 2020 మే 6న మూసేసింది.

రేపు పని పెరిగితే మళ్లీ మారాల్సి వస్తుంది కదా, ఇప్పుడే పెద్దది తీసుకుంటే పోలేదా అని అడగవచ్చు. క్లయింట్లు పెరిగితే వరుసలు పెరుగుతాయి, అంతే. మారాల్సింది రెండో మనిషి పనిలో రోజూ పాలుపంచుకునేటప్పుడు. ఒక పనిలో కొంత వేరే డిజైనర్‌కు ఇచ్చారనుకోండి, అప్పుడు బోర్డులో ఎవరి పని అన్నది కనిపించాలి, ఇద్దరూ ఒకే చోట చూడాలి. అప్పటికీ ట్రెల్లో బోర్డును ఆ రెండోవారితో పంచుకుంటే సరిపోతుంది. గంటల షీట్‌లో ‘ఎవరు’ అని ఏడో కాలమ్ చేరుతుంది.