పన్నెండు లక్షలు దాటిన పదిహేను వేలు

విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఇద్దరు పక్కపక్క సీట్లలో పనిచేస్తున్నారనుకుందాం. ఒకరి ఏడాది జీతం 12,75,000 రూపాయలు, రెండో వారిది 12,90,000. మొదటి వారికి ఆదాయపు పన్ను సున్నా. రెండో వారు కట్టాల్సింది 15,600. జీతంలో తేడా పదిహేను వేలైతే, పన్నులో తేడా అంతకన్నా ఆరు వందలు ఎక్కువ. చూడగానే ఇది అన్యాయం అనిపిస్తుంది. అయితే ఈ 15,600 అనేది ఊరట ఇచ్చాక మిగిలిన అంకె. ఊరటే లేకపోతే ఆ రెండో ఉద్యోగి 64,740 రూపాయలు కట్టాల్సి వచ్చేది. ఆ ఊరట పేరే మార్జినల్ రిలీఫ్.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో ఈ లెక్క ఎలా సాగుతుందో చూద్దాం. జీతగాళ్లకు ముందుగా 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తారు. 12,90,000 లోంచి అది పోతే పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 12,15,000. మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. నాలుగు నుంచి ఎనిమిది లక్షల దాకా 5 శాతం చొప్పున 20,000, ఎనిమిది నుంచి పన్నెండు దాకా 10 శాతం చొప్పున 40,000. పైనున్న పదిహేను వేలకు 15 శాతం చొప్పున 2,250. అన్నీ కలిపి 62,250.

పన్నెండు లక్షల దగ్గర ఆగిన వారికి పడే పన్ను 60,000. దాన్ని సెక్షన్ 87ఎ కింద రిబేటుగా మొత్తం మాఫీ చేస్తారు. గీత దాటితే ఆ మాఫీ పోతుంది. ఆదాయాన్ని పది రూపాయలకు సర్దుతారు కాబట్టి, మాటవరసకు 12,00,010 అని తేలితే చాలు, పది రూపాయల కోసం అరవై వేల పన్ను నెత్తిన పడాలి. పాత విధానంలో ఐదు లక్షల గీత దగ్గర ఇప్పటికీ ఇదే జరుగుతోంది. అక్కడ పది రూపాయలు దాటినా సెస్‌తో కలిపి 13,000 కట్టాల్సిందే, ఊరట ఏమీ లేదు. కొత్త విధానంలో మాత్రం 2023లో, రిబేటు పరిమితి ఏడు లక్షలుగా ఉన్నప్పుడే, ఈ ఊరటను చట్టంలో చేర్చారు.

సూత్రం ఒక్క మాటలో చెప్పొచ్చు: గీత దాటిన ఆదాయం ఎంతో, పన్ను అంతకు మించకూడదు. మన ఉద్యోగి గీత దాటింది 15,000. పన్ను 62,250. కాబట్టి తేడా 47,250 ఊరటగా పోయి పన్ను 15,000 మిగులుతుంది. ఇక్కడితో ఆగితే ఇద్దరి చేతికీ సరిగ్గా ఒకే డబ్బు వచ్చేది. కానీ 4 శాతం హెల్త్ అండ్ ఎడ్యుకేషన్ సెస్ ఊరట తర్వాత వేస్తారు. ఆ 600 కలిస్తే 15,600. అందుకే ఎక్కువ జీతమున్న వారి చేతికి 12,74,400, తక్కువ జీతమున్న వారి చేతికి 12,75,000. ఊరట ఇవ్వాలనుకున్నప్పుడు సెస్‌ను కూడా ఆ హద్దులోకి తెచ్చి ఉండాల్సింది. ఎక్కువ సంపాదించినవారి చేతికి తక్కువ రావడం ఎంత చిన్న మొత్తంలోనైనా సరికాదు.

ఈ ఊరట ఎంతదాకా? 12 లక్షల పైన పెరిగే ప్రతి రూపాయికీ మామూలు పన్ను 15 పైసలే పెరుగుతుంది కాబట్టి, ఊరట మెల్లగా తరుగుతూ ఆదాయం సుమారు 12,70,588 దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. జీతం రూపంలో అది 13,45,588. సెస్ వల్ల కోల్పోయింది కూడా తిరిగి రావాలంటే జీతం దాదాపు 13,49,000కి చేరాలి. అంటే 12,75,000 మీద ఇంక్రిమెంటు మాట్లాడుకుంటున్నవారు గుర్తుంచుకోవాల్సింది ఇది: పన్నెంతో లెక్కేసుకోకుండా నలభై, యాభై వేల పెంపుకు సంతోషపడితే, ఏడాది చివర చేతికి అదనంగా ఏమీ రాదు. పెంపు వద్దనమని కాదు, వచ్చే ఏడాది పెంపుకు అది పునాది అవుతుంది. పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కల్లోనూ బేసిక్ పెరగడం మంచిదే.

అసలు చిక్కు జీతంలో కన్నా జీతం బయట వస్తుంది. మన ఉద్యోగికి బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఏడాదికి 18,000 వడ్డీ వచ్చిందనుకోండి. ఆదాయం 12,33,000 అవుతుంది. శ్లాబుల ప్రకారం పన్ను 64,950, గీత దాటింది 33,000, కాబట్టి పన్ను 33,000, సెస్ 1,320, మొత్తం 34,320. వడ్డీ రాకముందు 15,600. అంటే వచ్చిన పద్దెనిమిది వేల వడ్డీకి 18,720 పన్ను పడింది. వడ్డీ యాభై వేల లోపు కనుక బ్యాంకు టీడీఎస్ కోయదు, కంపెనీకి వడ్డీ సంగతి తెలియదు కనుక అదీ కోయదు. రిటర్ను వేసేరోజు ఈ మొత్తం ఒక్కసారిగా మీద పడుతుంది. టీడీఎస్ పోగా కట్టాల్సింది పదివేలు దాటింది కాబట్టి ముందస్తు పన్ను కట్టనందుకు నెలకు 1 శాతం చొప్పున వడ్డీ కూడా కలుస్తుంది. డిపాజిట్ వడ్డీ సంగతి ఆర్థిక సంవత్సరం మధ్యలోనే కంపెనీ పేరోల్ విభాగానికి రాసిస్తే, వాళ్లే నెలనెలా సర్ది కోసేస్తారు.

షేర్లు, మ్యూచువల్ ఫండ్లు ఉన్నవారు ఇంకో మాట గమనించాలి. షేర్ల మీద దీర్ఘకాలిక లాభం 1,25,000 దాకా పన్ను లేకపోయినా, ఆ లాభం మొత్తం ఆదాయంలో కలుస్తుంది. పన్ను లేని ఆ లాభమే మనిషిని గీత దాటించగలదు. ఇక గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటూ ఇక్కడ ఇంటి అద్దెలు తీసుకునే ఎన్నారైలకు 87ఎ రిబేటే వర్తించదు, కాబట్టి ఈ ఊరటా లేదు.

గీతకు దగ్గర్లో ఉన్నవారికి చట్టబద్ధమైన దారి ఒకటుంది. కొత్త విధానంలో పీపీఎఫ్, జీవిత బీమా, ఆరోగ్య బీమా మినహాయింపులు పనిచేయవు. జీతంలోంచి నెలనెలా 200 చొప్పున పోయే వృత్తి పన్ను కూడా తీసివేయనివ్వరు. కంపెనీ తన వాటాగా ఎన్‌పీఎస్‌లో వేసే డబ్బు మాత్రం, బేసిక్, డీఏలపై 14 శాతం దాకా, ఆదాయంలోంచి తీసేస్తారు. మన ఉద్యోగి జీతాన్ని కంపెనీ మార్చి, అందులో 33,000 ఎన్‌పీఎస్‌కు మళ్లిస్తే ఆదాయం సరిగ్గా పన్నెండు లక్షలకు దిగుతుంది, 34,320 పన్ను సున్నా అవుతుంది. ఉద్యోగి సొంతంగా ఖాతాలో వేసుకుంటే ఈ లాభం రాదు, కంపెనీ ద్వారానే వెళ్లాలి, మార్చి 31 లోపు జరగాలి. ఆ డబ్బులో చాలా భాగం రిటైరయ్యే దాకా చేతికి రాదన్నదీ లెక్కలో పెట్టుకోవాలి.

ఊరట సరిగ్గా వచ్చిందో లేదో ఫారం 16లో చూసుకోవచ్చు. మార్జినల్ రిలీఫ్ అని వేరే వరుస కోసం వెతకొద్దు, 87ఎ రిబేటు అన్నచోటే అది కనిపిస్తుంది. వడ్డీ లేని మన మొదటి లెక్కలో అక్కడ 47,250 ఉండాలి. సున్నా ఉంటే పేరోల్ వాళ్లు ఊరట మరిచి ఎక్కువ కోసినట్టే. రిటర్నులో ఆదాయం సరిగ్గా చూపిస్తే ఆ ఎక్కువ మొత్తం రీఫండ్‌గా తిరిగొస్తుంది.