ఇరవై ఒక్క సినిమాలూ చూడాల్సిందేనా?

సెలవు రోజు. ఇంట్లో అందరూ కలిసి సినిమా చూద్దామనుకున్నారు. పిల్లాడు ‘అవెంజర్స్‌: ఎండ్‌గేమ్‌’ పెడతానన్నాడు. ‘ముందువి చూడకపోతే అర్థమవుతుందా?’ అని అమ్మ అడిగింది. ‘ఇంతకుముందు ఇరవై ఒకటి వచ్చాయమ్మా’ అన్నాడు వాడు. అంతే, అమ్మ వంటింట్లోకీ నాన్న పేపర్లోకీ వెళ్లిపోయారు.

వాడు చెప్పిన లెక్క తప్పేం కాదు. 2008లో ‘ఐరన్‌ మ్యాన్‌’తో మొదలైన మార్వెల్‌ సినిమాల వరుసలో, 2019లో వచ్చిన ‘ఎండ్‌గేమ్‌’ ఇరవై రెండోది. ఒక్కోటి రెండు గంటలనుకున్నా ముందు సినిమాలకే నలభై గంటలు దాటుతుంది. కానీ అసలు ప్రశ్న ఎన్ని సినిమాలు వచ్చాయన్నది కాదు... ఈ సినిమా వాటిలో వేటి మీద ఆధారపడిందన్నది. ఆ లెక్క తీస్తే ఇరవై ఒకటి కాస్తా అయిదుకు దిగుతుంది. మరీ తొందరైతే ఒక్కటే!

కథ, బంధం, సరదా

ముందు సినిమాల నుంచి కొత్త సినిమా మూడు రకాల సంగతులు తెచ్చుకుంటుంది. మొదటిది కథ. అది తెలియకపోతే తెర మీద ఏం జరుగుతోందో అర్థం కాదు. రెండోది బంధం. ఇది తెలియకపోయినా కథ అర్థమవుతుంది కానీ కన్నీళ్లు రావు. మూడోది సరదా. పాత సినిమాలో సంగతిని గుర్తుచేసే చిన్న చమత్కారమన్నమాట. తెలియకపోతే పక్కవాళ్లు నవ్వినప్పుడు మనం నవ్వలేం, అంతకుమించి నష్టం లేదు. ‘అన్నీ చూడాల్సిందే’ అనే అభిమానులు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తారు. చిక్కంతా అక్కడే.

ఆ ఒక్కటీ తప్పదు

‘ఎండ్‌గేమ్‌’ మొదటి సన్నివేశంలో ఒక తండ్రి కూతురికి బాణం వేయడం నేర్పుతుంటాడు. చూపు తిప్పుకుని మళ్లీ చూసేసరికి కుటుంబమంతా మాయం. గాల్లో బూడిద తప్ప ఏమీ ఉండదు. ఎందుకో అక్కడ ఎవరూ చెప్పరు. ఆ జవాబు 2018లో వచ్చిన ‘అవెంజర్స్‌: ఇన్ఫినిటీ వార్‌’లో ఉంది. థానోస్‌ అనే మహాబలుడు ఆరు మణులు సంపాదించి, ఒక్క చిటికెతో సృష్టిలో సగం ప్రాణుల్ని మాయం చేస్తాడు. మిగిలినవాళ్లు ఆ నష్టాన్ని పూడ్చడమే ‘ఎండ్‌గేమ్‌’. కట్టప్ప బాహుబలిని చంపిన సంగతి తెలియకుండా రెండో భాగానికి కూర్చుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. అన్నట్టు, ‘ఇన్ఫినిటీ వార్‌’ తెలుగులో థానోస్‌కి గొంతు ఇచ్చింది మన భల్లాలదేవుడు రానాయే!

మిగతా కథను సినిమానే చెప్పుకుంటుంది. యాంట్‌ మ్యాన్‌ అన్నేళ్లు ఎక్కడ చిక్కుకుపోయాడో 2018 నాటి ‘యాంట్‌ మ్యాన్‌ అండ్‌ ద వాస్ప్‌’ చివర్లో ఉంది. అది చూడనివాళ్లకీ ఇబ్బంది లేదు. బయట అయిదేళ్లు గడిస్తే తనకు అయిదు గంటలే గడిచాయని అతనే వచ్చి వివరిస్తాడు. వీరులు కాలంలో వెనక్కి వెళ్లడానికి దారి దొరికేది ఆ మాటతోనే. థోర్‌ తన తల్లిని మళ్లీ కలిసే ఘట్టమూ అంతే. అదే రోజు ఆమె చనిపోబోతోందని పాత్రల మాటల్లోనే తెలుస్తుంది. దానికోసం 2013 నాటి ‘థోర్‌: ద డార్క్‌ వరల్డ్‌’ వెతుక్కోనక్కర్లేదు.

మనసుకు పట్టాలంటే...

కథకి ఒకటి చాలు. మరి మనసుకు? ‘ఎండ్‌గేమ్‌’కి ప్రాణం ఇద్దరు మనుషులు... ఐరన్‌ మ్యాన్‌ టోనీ, కెప్టెన్‌ అమెరికా స్టీవ్‌. టోనీ మొదట్లో ఆయుధాలమ్ముకునే, తన గురించి తప్ప పట్టించుకోని కోటీశ్వరుడు. ఆ మనిషిని ‘ఐరన్‌ మ్యాన్‌’లో చూసినవాళ్లకే ‘ఎండ్‌గేమ్‌’ చివర్లో అతని నిర్ణయం విలువ తెలుస్తుంది. స్టీవ్‌ 1940ల్లో తను ప్రేమించిన అమ్మాయితో కలిసి నాట్యం చేస్తానని మాటిచ్చి, ఆ వెంటనే మంచులో కూరుకుపోయి, లేచేసరికి సుమారు డెబ్భై ఏళ్లు దాటిపోయాయి. ఇది 2011 నాటి ‘కెప్టెన్‌ అమెరికా: ద ఫస్ట్‌ అవెంజర్‌’ కథ. అది తెలియకపోతే ‘ఎండ్‌గేమ్‌’ ఆఖరి దృశ్యం మామూలు దృశ్యమే.

వీళ్లంతా ఒక జట్టుగా ఏర్పడింది 2012 నాటి ‘ది అవెంజర్స్‌’లో. కాలంలో వెనక్కి వెళ్లినప్పుడు మళ్లీ కనిపించేదీ ఆ సినిమాలోని న్యూయార్క్‌ పోరే. ఆ జట్టు చీలింది 2016 నాటి ‘కెప్టెన్‌ అమెరికా: సివిల్‌ వార్‌’లో. టోనీ తల్లిదండ్రుల్ని చంపింది ఎవరో స్టీవ్‌కి తెలుసు. అయినా దాచాడు. ‘ఎండ్‌గేమ్‌’ మొదట్లో టోనీ అతని మీద ఎందుకంత మండిపడతాడో, తర్వాత పాత డాలును తిరిగి చేతికివ్వడం ఎందుకంత పెద్ద విషయమో ఆ గొడవ తెలిసినవాళ్లకే పడుతుంది.

‘ఇన్ఫినిటీ వార్‌’తో కలిపి ఇవి అయిదు. మొత్తం పదకొండున్నర గంటలు. మూడు ఆదివారాల పని.

ఇక సరదా సంగతి. స్టీవ్‌ లిఫ్టులో శత్రువుల మధ్య నిలబడి, ఒకడి చెవిలో రెండు మాటలు చెప్పి పెట్టె పట్టుకుని వెళ్లిపోతాడు. 2014 నాటి ‘ద వింటర్‌ సోల్జర్‌’లో ఇలాంటి లిఫ్టులోనే వాళ్లందర్నీ చితక్కొట్టాడు కాబట్టి అభిమానులు పగలబడి నవ్వుతారు. మీరు నవ్వలేకపోతే కథకేమీ లోటు లేదు.

అంకెను చూసి భయపడొద్దు

వరుసలో ఎన్నోది అన్నదాన్ని బట్టి భయపడటమూ, ధైర్యపడటమూ రెండూ పొరపాటే. 2018 నాటి ‘బ్లాక్‌ పాంథర్‌’ పద్దెనిమిదోది. దానికి ముందు ఏదీ చూడనక్కర్లేదు. నాయకుడి తండ్రి చనిపోయింది వేరే సినిమాలోనైనా, మొదట్లోనే ఒక వార్తా కథనంతో ఆ సంగతి చెప్పేస్తారు. దీనికి తలకిందులు 2022 నాటి ‘డాక్టర్‌ స్ట్రేంజ్‌ ఇన్‌ ద మల్టీవర్స్‌ ఆఫ్‌ మ్యాడ్‌నెస్‌’. ముందొచ్చిన సినిమాలన్నీ చూసినవాళ్లకీ అందులో వాండా ఏ పిల్లల కోసం అంత క్రూరంగా మారిందో తెలియదు. ఎందుకంటే ఆ పిల్లలు పుట్టింది సినిమాలో కాదు, 2021లో వచ్చిన తొమ్మిది భాగాల సిరీస్‌ ‘వాండావిజన్‌’లో!

కాబట్టి చూసుకోవాల్సింది రెండే. ఆ సినిమాలో ముఖ్యమైన మనిషి ఎవరు? అతని కథ చివరిసారి ఎక్కడ ఆగింది? కొత్త వీరుడి పేరుతో వచ్చిన మొదటి సినిమా అయితే చాలావరకు నేరుగా కూర్చోవచ్చు. పాతవాళ్లంతా కలిసే సినిమా అయితే దాని ముందు భాగం చూడాలి.

మరో జాగ్రత్త. కథ జరిగిన కాలాన్ని బట్టి కాదు, విడుదలైన వరుసలోనే చూడండి. 2019 నాటి ‘కెప్టెన్‌ మార్వెల్‌’ కథ 1990ల్లో జరుగుతుంది కదాని ముందే చూశారనుకోండి... పేర్లు పడుతుండగా వచ్చే చిన్న సన్నివేశం ‘ఇన్ఫినిటీ వార్‌’ ముగింపును ముందే బయటపెట్టేస్తుంది.

అమ్మా నాన్నల్ని మళ్లీ టీవీ ముందుకు రప్పించాలంటే పిల్లాడు ఆ ఇరవై ఒకటి అన్న మాట మానేయాలి. ‘ఈ ఆదివారం రెండు, వచ్చే ఆదివారం రెండు, ఆపై వారం ఒకటి’ అంటే చాలు. ‘ఎండ్‌గేమ్‌’ నిడివి మాత్రం మూడు గంటల పైచిలుకు... దానికి నాలుగో ఆదివారం కావాల్సిందే!