కూలర్ ఆపినప్పుడు రిలేలో ఏం జరుగుతుంది?

రిలే మీద 10 ఆంపియర్లని రాసి ఉంటుంది. ఎయిర్ కూలర్ తీసుకునేది ఒక ఆంపియర్ కూడా ఉండదు. అయినా ఫోన్‌తో ఆపే స్విచ్చులో ఆ రిలే కొన్నాళ్లకే మొరాయిస్తుంది: ఆపినా కూలర్ తిరుగుతూనే ఉంటుంది. విప్పి చూస్తే పాయింట్లు నల్లబడి, గుంటలు పడి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. నకిలీ రిలే అనుకుని ఇంకోటి వేస్తారు, అదీ అలాగే పోతుంది. నిజానికి ఆ 10 ఆంపియర్ల లెక్క ఇస్త్రీ పెట్టె, గీజరు లాంటి వేడి సామాన్లకు. మోటార్లకు అది చెల్లదు.

మోటారులో ఉన్నది రాగి తీగ చుట్ట. కరెంటు పారుతున్నంతసేపు దాని అయస్కాంత క్షేత్రంలో కొంత శక్తి నిల్వ ఉంటుంది. పాయింట్లు విడిపోగానే ఆ శక్తికి పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడు చుట్ట తన కొసల మధ్య వోల్టేజీని ఒక్కసారిగా వందల్లోకి, ఒక్కోసారి వేలల్లోకి ఎగదోస్తుంది. ఆ క్షణానికి పాయింట్ల మధ్య ఎడం వెంట్రుక మందం కూడా ఉండదు. వోల్టేజీ సుమారు 330 వోల్టులు దాటితే అంత సన్నని గాలి పొర అడ్డుకోలేదు. నిప్పురవ్వ పుడుతుంది, పాయింటు మీది లోహం కరుగుతుంది. పక్కనే ఉన్న కంట్రోల్ బోర్డు ఉన్నట్టుండి రీసెట్ అయిందంటే అదీ ఈ రవ్వ పనే కావచ్చు.

మందు కొత్తదేం కాదు. పాత అంబాసిడర్ కార్లలో పాయింట్ల పక్కన చిన్న కండెన్సర్ ఉండేది గుర్తుందా? ఇక్కడా అదే సూత్రం. పాయింట్లు విడిపోయినప్పుడు కరెంటు గాలిలోంచి దూకకుండా, కాసేపు కండెన్సర్‌లోకి మళ్లుతుంది. ఈలోగా పాయింట్లు తగినంత దూరం జరిగిపోతాయి.

కానీ 230 వోల్టుల దగ్గర కండెన్సర్ ఒక్కటే పెడితే రోగం కన్నా మందే ప్రమాదం. ఆఫ్‌లో ఉన్నప్పుడు అది 325 వోల్టుల దాకా నిండుతుంది. మళ్లీ ఆన్ చేయగానే ఆ నిల్వంతా పాయింట్ల గుండా ఒక్క ఉదుటున ఖాళీ అయి వాటిని అతికించేస్తుంది. అందుకే దానికి వరుసలో ఒక రెసిస్టర్ కలుపుతారు. 100 ఓమ్‌లది వేస్తే ఆ ఉదుటు మూడు ఆంపియర్ల చిల్లరకు దిగుతుంది. ఈ జంట పేరే ఆర్‌సీ స్నబ్బర్.

మన కూలర్ 0.8 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. పాత మోటు లెక్క ప్రకారం కరెంటును దానితోనే హెచ్చించి పదితో భాగిస్తే కండెన్సర్ విలువ మైక్రోఫారడ్‌లలో వస్తుంది: 0.064. బజారులో తేలిగ్గా దొరికే 0.1 తీసుకోండి. రెసిస్టర్ 100 ఓమ్‌లు, ఒక వాట్. రెండూ ఒకే డబ్బీలో కలిపి కూడా అమ్ముతారు. ఈ జంటను రిలే రెండు పాయింట్లకు అడ్డంగా, తీగలు వీలైనంత పొట్టిగా ఉండేలా బిగించాలి. ప్లగ్ పీకకుండా ఈ పనికి దిగొద్దు. ప్లగ్ పీకాక కూడా కండెన్సర్‌లో ఛార్జి మిగిలి ఉండవచ్చు, వేలు పెట్టకండి.

కండెన్సర్ మీద X2 అనీ, 275 వోల్టుల ఏసీ అనీ రాసి ఉండాలి. ఇక్కడ పీనాసితనం పనికిరాదు. ఈ రకం కండెన్సర్లను ఎప్పుడూ మెయిన్స్ మీద ఉండే పనికోసమే చేస్తారు. ఇంట్లో పడి ఉన్న 2.5 మైక్రోఫారడ్ ఫ్యాన్ కండెన్సర్ తగిలిస్తే, ఆఫ్‌లో కూడా దాని గుండా దాదాపు 0.18 ఆంపియర్ పారుతుంది. చిన్న మోటారు నెమ్మదిగా తిరుగుతూనే ఉన్నా ఆశ్చర్యం లేదు.

సరైన 0.1 వేసినా ఆఫ్‌లో సుమారు 7 మిల్లీ ఆంపియర్లు కారుతూనే ఉంటాయి. కూలర్‌కు అది లెక్కలోకి రాదు. అదే రిలే మీద ఎల్‌ఈడీ బల్బు ఉంటే ఆపినా మినుకుమినుకుమంటుంది. రిలే చిన్న కాంటాక్టర్ కాయిల్‌ను నడుపుతుంటే, ఆ కాస్త కరెంటుకే కాంటాక్టర్ విడవకుండా పట్టుకుని ఉండవచ్చు. అలాంటిచోట స్నబ్బర్‌ను పాయింట్ల దగ్గర కాకుండా కాయిల్ రెండు కొసలకు బిగించాలి. ఇంకో మాట: స్నబ్బర్ ఉన్న రిలే ఆఫ్‌లో ఉన్నా కూలర్ తీగలు షాక్ కొట్టగలవు.

రిలే మాడ్యూల్ మీద డయోడ్ ఉంది కదా, ఇదెందుకని కొందరంటారు. ఆ డయోడ్ రిలే కాయిల్‌ను నడిపే ట్రాన్సిస్టర్‌ను కాపాడుతుంది. కూలర్ వైపు పాయింట్లతో దానికి సంబంధం లేదు.

స్నబ్బర్ రిలే సత్తాను పెంచదు. ఆన్ చేసిన క్షణంలో మోటారు లాగే పెద్ద కరెంటును ఆపలేదు. నీళ్ల ట్యాంకుకు ఒక హెచ్‌పీ మోటారు నడపాలంటే ఎన్ని స్నబ్బర్లు పెట్టినా చిన్న రిలే చాలదు. దానికి కాంటాక్టరే వేయించండి.