టీవీ ఆపేశాం, డేటా ఆగలేదు

ఇంటి ఇంటర్నెట్‌కు 'అన్‌లిమిటెడ్' అని పేరే గానీ, చాలా ఫైబర్ ప్లాన్లకు నెలకు 3,300 జీబీ దగ్గర గీత ఉంటుంది. డిష్ పెట్టి గాలిలోంచి సిగ్నల్ అందుకునే కనెక్షన్లకైతే అది 1,000 జీబీయే. ఆ గీత దాటిన మరుక్షణం స్పీడు చతికిలబడుతుంది. అప్పుడు ఇంట్లో నింద మొదట పడేది కాలేజీ కుర్రాడి ఫోన్ మీద. దొంగ ఎవరో తేల్చాలంటే కరెంటు మీటర్ చూసినట్టు రీడింగులు రాసుకోవడమే మార్గం.

వెయ్యి జీబీ ప్లాన్ ఉన్న ఒక ఇల్లు అనుకుందాం. ప్రతి నెలా 25వ తేదీకల్లా కోటా అయిపోతోంది. మొదట చేయాల్సింది కంపెనీ యాప్‌లో కనిపించే మొత్తం వాడకాన్ని ఆదివారం రాత్రి 9 గంటలకు రాసుకుని, వచ్చే ఆదివారం అదే వేళకు మళ్లీ చూడటం. తేడా 280 జీబీ వచ్చింది. అంటే రోజుకు 40 జీబీ, నెలకు 1,200.

ఇప్పుడు ఒక్కో పరికరాన్నీ అడగాలి. ఆండ్రాయిడ్ ఫోన్లు వైఫై మీద ఎంత వాడాయో సెట్టింగ్స్‌లో చెబుతాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లోనూ `Data usage` అనే పేజీ ఉంది. వారం మొదట్లో దాని లెక్క సున్నా చేసుకుంటే సరి. మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ కలిపితే 80 జీబీ తేలాయి. ఐఫోన్‌తోనే చిక్కు. అది సిమ్ డేటా లెక్క చెబుతుంది గానీ వైఫై లెక్క చెప్పదు. టీవీ బాక్సుల్లో కూడా చాలావాటికి ఈ లెక్క ఉండదు. మిగిలిన 200 జీబీ ఈ రెండింటి మధ్యే ఎక్కడో ఉన్నాయి.

ఇక్కడ రౌటర్‌ను ఆశ్రయించాలి. పరికరాల వారీగా లెక్క చూపే రౌటర్ ఉంటే అదృష్టమే. కంపెనీలు ఇచ్చే రౌటర్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు. కానీ వాటిలో చాలావరకు ఒక్కో వైఫై పేరు మీద ఎంత డేటా వెళ్లిందో చూపిస్తాయి. కాబట్టి రెండో వైఫై పేరు ఒకటి సృష్టించి, అనుమానం ఉన్న బాక్సును ఒక్కదాన్నే దానికి కలపాలి. ఆ వరుసలో `Sent` కింద కనిపించేది రౌటర్ పంపింది, అంటే బాక్సు దిగుమతి చేసుకున్నది. చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు.

రౌటర్ లెక్కకు రెండు జబ్బులున్నాయి. కరెంటు పోయి వస్తే అంకె సున్నాకు పడిపోతుంది. పాత రకం రౌటర్లలో అయితే సుమారు 4.3 జీబీ దాటగానే అంకె తిరిగి మొదటికొస్తుంది, పాత స్కూటర్ మీటర్‌లాగా. నిన్నటికన్నా ఇవాళ అంకె తగ్గిందంటే ఈ రెండింటిలో ఏదో జరిగిందని అర్థం. అలాంటి రౌటర్ దగ్గర రోజుకోసారి కాదు, గంటకోసారి చూడాలి. ఇక రౌటర్ జాబితాలో గుర్తుపట్టలేని పేరేదైనా కనిపిస్తే పక్కింటివాళ్లను అనుమానించే ముందు ఆగండి. ఈ మధ్య ఫోన్లు అసలు గుర్తింపు సంఖ్య దాచి మారు సంఖ్యతో కలుస్తాయి. మీ ఫోన్‌లో వైఫై ఆపి చూడండి, ఆ పేరు మాయమైతే అది మీదే.

మన ఇంట్లో బాక్సు వారానికి 165 జీబీ లాగింది. ఐఫోన్‌ను కూడా అలాగే విడిగా చూస్తే 30. మిగిలిన 5 జీబీ చిల్లర కింద వదిలేయొచ్చు. అయితే ఆ ఇంట్లో టీవీ చూసేది రాత్రిపూట మూడు గంటలే! లైవ్ ఛానల్ 5 ఎంబీపీఎస్‌తో వస్తే గంటకు 2.25 జీబీ అవుతుంది. 165 జీబీ అంటే 73 గంటలు, రోజుకు పదిన్నర గంటలు. రాత్రి పదకొండింటికి ఒకసారి, తెల్లవారి ఆరింటికి ఒకసారి రీడింగ్ తీస్తే గుట్టు రట్టయింది. రిమోట్‌తో టీవీ తెర ఆపుతున్నారు, వెనక బాక్సు మాత్రం న్యూస్ ఛానల్‌ను రాత్రంతా, ఆ తర్వాత కూడా కాసేపు, చీకటి తెరకు చూపిస్తూనే ఉంది. రాత్రి ఏడు గంటలకే దాదాపు 16 జీబీ, నెలకు 480. బాక్సు స్విచ్ కట్టేస్తే 1,200 కాస్తా 720కి దిగుతుంది.

బాక్సు లేని ఇంట్లో వాడకం ఇలాగే పెరిగితే సీసీ కెమెరాను చూడండి. క్లౌడ్‌లోకి ఆగకుండా వీడియో పంపే కెమెరా 2 ఎంబీపీఎస్ చొప్పున రోజుకు 21.6 జీబీ, నెలకు 650 దాకా పంపుతుంది. చాలా ప్లాన్లలో అప్‌లోడ్ కూడా కోటాలోంచే పోతుంది. కానీ అదే కెమెరా ఇంట్లోని రికార్డర్‌కే పంపుతుంటే రౌటర్ వైఫై లెక్కలో కొండంత కనిపించినా కోటాలోంచి ఒక్క జీబీ కూడా తగ్గదు. అందుకే రౌటర్ అంకెను కంపెనీ యాప్ అంకె పక్కన పెట్టి చూసేదాకా కెమెరా మీద తీర్పు చెప్పకూడదు.